ఎనిమిది గంటల ఇంజక్షన్

కోనసీమలోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టరుగా చేసిన రోజుల్లో నాకు రెండు విషయాల్లో గర్వం ఉండేది. నేను సర్దిన పరికరాల మూటలో ఒక్క వస్తువూ తక్కువయ్యేది కాదు. కేసు షీటులో నేను చూడని గీత ఉండేది కాదు. ఆ రెండో గర్వమే నన్ను ముంచింది. నన్ను అంటున్నాను గానీ, నిజానికి మునిగింది వేరే మనిషి.

అతను కొబ్బరి దింపులు తీసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. వానకు తడిసిన చెట్టు మీద నుంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. పైన చర్మం చీలలేదు, లోపల మాత్రం ముక్కలైంది. ప్లేటు వేసి స్క్రూలు బిగించాలన్నారు డాక్టరు గారు. అతని భార్యకు ఒకటే బెంగ, మళ్లీ చెట్టెక్కగలడా అని. ఎక్కుతాడని ఆమెకు గట్టిగా చెప్పింది నేనే. నన్నెవరడిగారు?

ఆపరేషన్ ముందు చీము పట్టకుండా వేసే ఇంజక్షన్‌ని మా దగ్గర వార్డులోనే ఇచ్చి, షీటు మీద టిక్కు పెట్టి పంపేవారు. టైము రాసే అలవాటు లేదు. ఆరోజు అతనికి ఉదయం ఎనిమిదికి ఆ ఇంజక్షన్, సెఫజోలిన్, ఇచ్చారు. థియేటర్ వరండాలోకి తెచ్చేసరికి కాన్పు కష్టమై ఒకావిడ వచ్చింది. మాకున్నది ఒకటే టేబులు. ఆవిడకు సిజేరియన్ చేసి, గది కడిగి, మళ్లీ అంతా సిద్ధం చేసేసరికి పదకొండున్నర. అంతసేపూ అతను స్ట్రెచర్ మీదే ఉన్నాడు. రెండుసార్లు దుప్పటి సర్దాను, కబుర్లు చెప్పాను. ఇంజక్షన్ సంగతి తట్టనే లేదు.

కత్తి పట్టే ముందు అందరం ప్రార్థన చేయడం మా ఆనవాయితీ. ప్రార్థనకు ముందు డాక్టరు గారు ఒక ప్రశ్న వేసేవారు.

"ఇంజక్షన్ ఇచ్చారా, సిస్టర్?"

షీటు చూశాను. టిక్కు ఉంది.

"ఇచ్చారండి."

నేను అబద్ధమాడలేదు. కళ్లు మూసుకున్నాం, ప్రార్థించాం, కోత పెట్టారు. ఎముక ముక్కలు ఒక పట్టాన కుదరలేదు. రక్తం బాగా పోయింది. ఆఖరి కుట్టు పడేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మధ్యలో మళ్లీ మందివ్వాలన్న మాట ఎవరి నోటా రాలేదు. తర్వాత ఐదు రోజులు మాత్రం వేళ తప్పకుండా ఇంజక్షన్లు చేశాం.

ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర చీము. అది ప్లేటు దాకా దిగింది. డాక్టరు గారు షీటు ముందు పెట్టుకుని నన్ను కూర్చోమన్నారు. ఎప్పుడిచ్చారని అడిగారు. ఎనిమిదికి, అన్నాను. కోతెప్పుడు పెట్టామన్నారు. పదకొండున్నరకి, అన్నాను. చెబుతుండగానే మధ్యలోని మూడున్నర గంటలు లెక్కకొచ్చాయి.

కోత పడే ముందు గంటలోపు ఇవ్వాలని, అప్పుడే కత్తి దిగే వేళకు ఆ చోట మందు నిండుగా ఉంటుందని ఆయన వివరించారు. నాలుగు గంటలు దాటినా ఆపరేషన్ సాగుతుంటే, రక్తం ఎక్కువగా పోయినా, మళ్లీ ఒక డోసు వేయాలట. తర్వాత ఐదు రోజులిచ్చినా ఐదు వారాలిచ్చినా ఆ లోటు తీరదన్నారు. వేళకు ఇచ్చినా చీము పట్టేదేమో, చెప్పలేమని కూడా అన్నారు. ఆ మాట నా కోసం అన్నారు.

"ఇచ్చారా అని అడిగాను గానీ, ఎప్పుడని అడగలేదు. తప్పు నాది సిస్టర్," అన్నారు చివరికి.

కాదండి, వరండాలో మూడు గంటలు అతని పక్కన తిరిగింది నేను. అప్పుడా మాట అనలేకపోయాను, తలూపి వచ్చేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండుసార్లు తెరిచి కడిగారు. చివరికి ప్లేటు తీసేశారు. ఎముక వంకరగా అతికింది. మోకాలు బిగుసుకుపోయింది, కాలు పొట్టిదైంది, తొడ మీద చిన్న కన్నం పడి రసి కారుతూనే ఉండేది. కట్టు మార్పించుకోవడానికి ఏడాది పైగా వచ్చాడు. ఈలోగా మా పద్ధతి మారింది. ఇంజక్షన్ థియేటర్లోనే ఇచ్చి, టైము గోడ మీద బోర్డుపై రాసి, అది పైకి చదివాకే ప్రార్థన మొదలుపెట్టేవాళ్లం. ఆ టైము చదివినప్పుడల్లా నాకు అతని తొడే కనిపించేది.

ఒకరోజు నాకోసం రెండు బొండాలు తెచ్చాడు. ఎవరు దింపారని అడిగితే, పక్క తోటవాడినడిగి తెచ్చానన్నాడు. ఇక ఆగలేకపోయాను. కట్టు కడుతూనే చెప్పేశాను, ఆరోజు నీకు ఇంజక్షన్ సరిగ్గా ఇవ్వలేదయ్యా అని.

అతను నన్ను ఓదార్చబోయాడు.

"అదేంటండి సిస్టరుగారూ, ఇచ్చారు కదండి. నాకు బాగా గుర్తండి. పొద్దున్నే ఇచ్చారు."