పగిలిన ఒత్తులు

మా బంధువుల్లో ఒక మాట నిలిచిపోయింది. నా భార్యకు తెలుగు టైపింగు సరిగా రాకపోవడం వల్ల ఆమె పుస్తకం అచ్చుకు ఆలస్యమైందని. ఇప్పటికీ ఎవరో ఒకరు పలకరింపుగా, "ఏమ్మా, ఇప్పుడన్నా కంప్యూటరు మాట వింటాందా?" అని ఆమెను అడుగుతుంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు. జరిగింది జరిగినట్టు రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

ఆమె బద్వేలు దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. నా ఉద్యోగం కర్నూలులో, ఒక ప్రభుత్వ ఆఫీసులో. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి చేరడం, సోమవారం తెల్లవారి తిరిగి రావడం. ఆమె బడినుంచి రాగానే కాళ్లు కడుక్కుని, వంటింటి గట్టు మీద పప్పు డబ్బాలు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచేది. అన్నం ఉడికేలోగా ఆ రోజు పిల్లలు అన్న మాటలు టైపు చేసేది. మంగంపేట ముగ్గురాయి గనికి వలసపోయి పనిచేసే ఒకాయన కూతురు, "మా నాయన దినామూ కొంత కొండను లారీలో పెట్టి పంపిస్తాడు మేడం" అందట. ఒక పిల్లవాడు, "మా మ్యాక తప్పిపోయినాది, అందుకే ఎక్కాలు మర్సిపోయినా" అన్నాడట. ఇలాంటివి ఒక పుస్తకానికి సరిపడా పోగయ్యాయి. ఆ వేసవిలో ఆమెకు బదిలీ తప్పదు. బడి మూసే రోజున, ఆ మాటలన్న పిల్లల చేతుల్లోనే పుస్తకం పెట్టాలని ఆమె కోరిక. సెలవులిచ్చాక పిల్లలు తలోదిక్కు పోతారు, ఐదో తరగతి వాళ్లు ఇక ఆ బడికే రారు.

ఆమె టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాలతో. amma అని కొడితే కింద అమ్మ అని వస్తుంది, దానితోపాటు నాలుగైదు మాటలు వరుసగా కనిపిస్తాయి, కావలసింది ఎంచుకోవాలి. ఆ సాధనానికి పత్రికల భాష బాగా తెలుసు, మా భాష తెలియదు. ఆమె 'ఉండాది' అని రాయబోతే 'ఉండాలి' అని ముందు చూపిస్తుంది.

"నేను ఉండాదంటే ఇది ఉండాలంటాది," అనేది ఆమె, బాణం మీట కిందికి నొక్కి తనకు కావలసిన మాటను వెతుక్కుంటూ. "మా అత్తే నయం, ఒకసారి చెప్తే ఇనేది."

నేను ఆఫీసు శిక్షణలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకున్నవాణ్ని. దాంట్లో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. డి మీట మీద పొల్లు, సి మీట మీద మ ఉంటాయి. షిఫ్టు పట్టి డి కొడితే అ. ఆ తర్వాత సి, డి, సి కొడితే అమ్మ. ఇంగ్లీషు మధ్యవర్తిత్వం లేదు, ఎంచుకునే పని లేదు, కరెంటుతోపాటు నెట్ పోయినా పని ఆగదు. నేర్చుకునేందుకు మాత్రం నెలలు పట్టింది. అంత కష్టపడ్డాను కాబట్టి దాని గురించి గొప్పగా చెప్పుకోవడం నాకు అలవాటు. ఆమె పద్ధతిని చూసినప్పుడల్లా, "తెలుగును ఇంగ్లీషులో వండి తెలుగు గిన్నెలో వడ్డిస్తాండావు" అనేవాణ్ని.

"తినేటోళ్లకు రుచి తెలుస్తాది గాని, పొయ్యి తెలుస్తాదా అప్పా?" అనేది.

సంక్రాంతి దాటి చలి తగ్గుతుండగా ఆమె ఫైలును పెన్‌డ్రైవులో పెట్టుకుని కర్నూలు పాతబస్తీలోని ఒక చిన్న ప్రెస్సుకు తీసుకుపోయాను. పేజీలు కట్టే ఆయన నా వయసువాడే. పెళ్లి పత్రికలు, ఉరుసు కరపత్రాలు, కాలేజీ సంచికలు అన్నీ ఆయన చేతి మీదే పోతాయి. పాత కంప్యూటరు, అంతకంటే పాత పేజీ ప్రోగ్రాము. ఫైలులోని మాటలను ఆయన పేజీలోకి తెచ్చి అతికించాడు. ఇద్దరం తెర వైపు వంగాం. 'అమ్మ'లోని ఒత్తు కిందికి దిగలేదు. మ నెత్తిన పొల్లు, దాని పక్కన ఇంకో మ. 'ఎక్కాలు' మధ్యలో విరిగి రెండు ముక్కలైంది. పేజీ అంతా పళ్లూడిన నవ్వులా ఉంది.

"మేడం దేంట్లో కొట్టినారు సార్ ఇది?" అన్నాడు.

నేను ఆలోచించకుండా, "అదే, ఇంగ్లీషులో కొడితే తెలుగు వచ్చేది. అట్లా కొడితే ఇంతే," అన్నాను.

"ఈ యూనికోడుతో మాకు ఎప్పుడూ తకరారే సార్. మా ఫాంటులో కొట్టిస్తే ఏం ఫికర్ లేదు."

యూనికోడంటే ఏ కంప్యూటరులోనైనా తెలుగు అక్షరాలుగానే నిలిచే రాత. ఆయన ఫాంటు కథ వేరు. అందులో తెలుగుగా కనిపించేదంతా లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతారు. ఆయన ఫైలొకటి నా లాప్‌టాప్‌లో తెరిస్తే, నా దగ్గర ఆ ఫాంటు లేదు కాబట్టి, ఒక పెళ్లి పత్రిక మొత్తం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపించింది. ఆయన మెషీనులో అదే ఫైలు ముత్యాల్లా ఉంది. అక్కడే నాకు తెలిసి ఉండాలి, తప్పు రాతలో కాకుండా చూపించే చోట ఉండొచ్చని. తెలియలేదు.

ఆ రాత్రి ఫోనులో ఆమెకు చెప్పాను, నీ టైపింగు వల్ల ఒత్తులన్నీ పగిలిపోయాయని. ఆమె తన ఫైలు తెరిచి చూసుకుని, "ఈడ బాగనే ఉండాదే," అంది.

"నీ లాప్‌టాప్ నీకు సర్ది చూపిస్తాంది. అచ్చుకు అది పనికిరాదు."

"అయితే నీ మాదిరి నేర్చుకుంటాలే," అంది.

తర్వాతి ఆదివారం బద్వేలులో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. పంక్తిలో కూర్చుని తింటుండగా ఎవరో పుస్తకం సంగతి ఎత్తారు. నేను విస్తరి ముందు నవ్వుతూ, "ఆయమ్మ కొట్టిన తెలుగు చూసి ప్రెస్సాయన కంప్యూటరు మార్చుకుంటానన్నాడు," అన్నాను. పంక్తి అంతా నవ్వింది. ఎదురు వరుసలో నా భార్య సాంబారు వడ్డిస్తోంది. నా విస్తరి దగ్గరికి వచ్చి, వడ్డించకుండానే ముందుకు పోయింది.

ఆమె మీటల మీద చిన్న చిన్న తెలుగు అక్షరాలు అతికించుకుని ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టింది. 'ఆవు' అని కొట్టబోయి షిఫ్టు మరిచి ఇంగ్లీషు ఇ మీట నొక్కేది. అప్పుడు 'ఆ'కు బదులు చుక్కల వలయమూ దాని పక్కన ఒక దీర్ఘమూ వచ్చేవి. గుణింతం పట్టుకునేందుకు హల్లు దొరక్కపోతే కంప్యూటరు అలా ఖాళీ వలయం చూపిస్తుంది.

"ఈ చుక్కల గాజు యాడ్నించి వచ్చిందప్పా?"

"హల్లు లేకుండా గుణింతం పెట్టినావు."

"బళ్లో నేను పిల్లోళ్లను ఇట్లనే తిడ్తాంటా," అని తుడిచేసి మళ్లీ కొట్టేది.

నవ్వుతూనే కొట్టేది గాని, పని నడిచేది కాదు. పేజీలన్నీ మళ్లీ కొట్టాలి, ఒక్కో మాటకూ వేళ్లు తడుముకోవాలి. పిల్లలు కొత్తగా అన్న మాటలు రాయడం మానేసింది. ఒక శనివారం నేను ఇల్లు చేరేసరికి లాప్‌టాప్ మూసి ఉంది, దాని మీద కొత్తిమీర కట్ట.

"ఈ ఏడుకు వద్దులే. పిల్లోళ్లకు పెన్నులు కొనిస్తా," అంది.

అప్పటికి ఆమె ఇన్‌స్క్రిప్టులో కొట్టింది మూడు పేజీలు. వాటినైనా చూపిద్దామని తీసుకుపోయాను. ప్రెస్సాయన తెరిచాడు. అవే పగుళ్లు. ఇంకా ఆమెకు చేతకావడం లేదనే అనుకున్నాను. "జరగండి, నేను కొడతా," అని ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన కంప్యూటరులో ఇన్‌స్క్రిప్ట్ పెట్టించి, ఆ పేజీలోనే అమ్మ అని కొట్టాను. షిఫ్టు డి, సి, డి, సి. మ నెత్తిన పొల్లు వచ్చింది, పక్కన ఇంకో మ వచ్చింది.

ఇంకోసారి కొట్టాను. ఎక్కాలు, అత్త, పిచ్చుక. అన్నీ అలాగే.

"మీ చేతిలోనూ అంతే ఉండాదే సార్," అన్నాడు ఆయన, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా.

అప్పుడు అర్థమైంది. కంప్యూటరు లోపల మ్మ అని వేరే అక్షరం లేదు. మ, పొల్లు, మ, ఈ మూడూ వరుసగా ఉంటాయి. ఇంగ్లీషులో కొట్టినా, ఇన్‌స్క్రిప్టులో కొట్టినా లోపలికి చేరేవి ఆ మూడే. వాటిని కలిపి ఒత్తుగా చూపించడం ఫాంటూ ప్రోగ్రామూ చేయవలసిన పని. ఆయన పాత ప్రోగ్రాముకు ఆ విద్య రాదు. ఆమె కొట్టిన మొదటి ఫైలులో ఏ లోపమూ లేదు. పొయ్యి సంగతి ఆమే సరిగా చెప్పింది.

ఆ వారం ఇంటికి పోయి చెప్పలేదు. ఆ పై వారమూ చెప్పలేదు. పంక్తిలో అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అహం అడ్డొచ్చింది. చివరికి ఒక ఆదివారం ఉదయం ఆమె దోసెలు పోస్తుండగా చెప్పాను. తప్పు నీది కాదు, నాకు తెలిసి రెండు వారాలైందని.

పెనం మీద దోసె మాడింది. దాన్ని తీసి నా ప్లేటులో వేసింది.

"అంటే ఈ గుణింతాల గాజులన్నీ ఊరికే తొడుక్కున్నానా?"

"ఊరికే."

"నీ కొమ్ములు సల్లగుండ," అంది. ఇంకో దోసె పోసి, చాలాసేపు పెనం వైపే చూసింది. "సరే, బడి మూసేదానికి ఇంకా నెల ఉండాది. ఇప్పుడు దారేంది?"

దారి ఆ రోజే వెతికాం. ప్రెస్సాయన ఫాంటులోకి మార్చే సాధనమొకటి ప్రయత్నించాం గాని, అక్కడక్కడ ఒత్తులు తారుమారవుతున్నాయి, పుస్తకమంతా మళ్లీ దిద్దాలి. ఆమె లాప్‌టాప్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది కాబట్టి, పేజీలు అక్కడే కట్టి పీడీఎఫ్ చేశాం. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది, ప్రెస్సాయన దగ్గర ఉన్నా లేకపోయినా ఒకటే. పుస్తకం కొలతలు ఆయన ఫోనులో చెప్పాడు, అంచులు నేను సరిచూశాను. ఆమె తన పాత పద్ధతిలోనే, బాణం మీట నొక్కుకుంటూ, ఆ మధ్య రాయకుండా వదిలేసినవి గుర్తు తెచ్చుకుని కొట్టింది. కొన్ని గుర్తుకు రాలేదు. "ఆ దాసరోళ్ల పిల్లోడు మబ్బు గురించి ఏమో అన్నాడప్పా. శానా బాగా అన్నాడు. పోయింది," అంది. అవి నా లెక్కలోనే పోయాయి.

బడి మూసే ముందు శనివారం ఆమే కర్నూలు వచ్చింది. ప్రెస్సాయన పీడీఎఫ్ తెరిచి మొదటి పేజీ అచ్చు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మాటలు చదవలేదు, ఒత్తులు చూసింది, కింద వరుసగా వేలు జరుపుతూ. ఎక్కాలు అనే చోట వేలు ఆగింది.

"బాగుండాదా మేడం? అచ్చు కొట్టేద్దామా?" అన్నాడు ఆయన.

ఆమె కాగితం నాకిచ్చింది. "ఈయన్ను అడుగు. తప్పులు పట్టేది ఈయనే గదా."

నేను చదివాను. మేక తప్పిపోయిన పిల్లవాడు, కొండను లారీలో పంపించే నాయన, అందరూ ఉన్నారు. బాగుందని చెప్పాను. ఆమె ప్రెస్సాయన వైపు తిరిగి, "కొట్టు నాయనా," అంది.