వంటావార్పులో చిక్కిన మటన్ ముక్క

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో లాఠీ దెబ్బకు నాకు ముద్ద దిగకుండా పోయిందని చాలాకాలం చెప్పుకున్నాను. విన్నవాళ్లు లేచి చేతులు కలిపేవారు. అబద్ధం. గొంతు కింద అడ్డం పడింది మటన్ ముక్క.

క్యాంపస్ రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని దారి ఆపడమన్నమాట. వృక్షశాస్త్రం ల్యాబులో పనిచేసే నేనూ విద్యార్థుల బంతిలో కూర్చున్నాను. మూడో ముద్దకు ముక్క ఛాతీలో ఆగింది. నీళ్లు తాగితే తిరిగొచ్చాయి. ఉమ్మి కూడా దిగలేదు.

"ఏమైంది కాకా?" అన్నాడు పక్కనున్న విద్యార్థి.

"టియర్ గ్యాస్ పట్టింది."

"గ్యాస్ యాడిది కాకా, పోలీసులే రాలే!"

తార్నాక ఆసుపత్రిలో గొట్టం వేసి ముక్క తీశారు. డాక్టరమ్మది కోస్తా. "ఎన్నాళ్ల నుంచి ఇలా పడుతోందండీ?" అంది.

"గిదే మొదలు."

నా భార్య ఊరుకోలేదు. "ఇరవై ఏండ్ల సంది బుక్కకో గుటక నీళ్లు తాగుతడమ్మా. పెండ్లిల్ల బంతంతా లేచినా ఈయన లేవడు."

అన్నవాహికలో ఉంగరాల్లాంటి వలయాలు, నిలువు గాట్లు, తెల్లచుక్కలు కనిపించాయట. పరీక్షకు గిల్లి తీసిన లోపలి పొరలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు గుంపులుగా ఉన్నాయి. అవి అక్కడ ఉండకూడదు; తిన్నదేదో ఒంటికి పడకపోతే చేరి వాపు తెస్తాయట. రెండు నెలలు ఆమ్లం తగ్గించే మాత్రలు మింగినా తగ్గలేదు. ఇక రెండే దారులంది డాక్టరమ్మ. పాలు, గోధుమ, గుడ్లు, సోయా, పల్లీలూ జీడిపప్పుల్లాంటివి, చేపలు మానేసి, తగ్గాక ఒక్కొక్కటే మళ్లీ తింటూ గొట్టంతో చూసుకోవడం ఒకటి. ఆస్తమా వాళ్లు పీల్చే స్టెరాయిడ్ స్ప్రేను పీల్చకుండా మింగడం రెండోది.

"రాష్ట్రం అడిగినందుకు నా చాయ్ బంద్ పెడ్తరా డాక్టరమ్మా?"

"బందులు మాకు నేర్పింది మీరే కదండీ!"

స్ప్రే తీసుకున్నాను. ఆ తర్వాతి వంటావార్పులో మళ్లీ అందరి మధ్య కూర్చుని మటన్ తినాలి, అదీ నా పంతం. భార్య వద్దే వద్దంది.

రెండు నెలల తర్వాత చూస్తే లోపల ఏ మార్పూ లేదు.

"మందు వాడారా?"

"ఒక్క పూట తప్పలే." అది మాత్రం నిజం.

"మింగాక అరగంట ఏమీ తీసుకోవద్దన్నాను. ఆగారా?"

"మందు నోట్లె ఉండంగనే చాయ్ బండి కాడికి ఉరుకుతడు," అంది భార్య.

"అంటే మందును నిలవనివ్వకుండా టీతో కడిగేశారు."

దొరికిపోయాను. అప్పటినుంచి మందు మింగాక నోరు పుక్కిలించి ఉమ్మి, గడియారం ముందు అరగంట కూర్చునేవాణ్ణి. మళ్లీ గొట్టం వేసినప్పుడు కణాలు బాగా తగ్గాయి.

మళ్లీ వంటావార్పు వచ్చింది.

"కాకా, పప్పెయ్యాల్నా?"

"మటనే ఎయ్యి."

వేళ్లతో సన్నగా చీల్చి, మెత్తగా నమిలాను. బంతి లేచింది. గిన్నెలు కడుగుతున్నారు. పోలీసు వచ్చి రోడ్డు ఖాళీ చేయమన్నాడు.

"తింటున్న," అన్నాను. లేవలేదు.

ఆ రోజు ఆరు ముక్కలు తిన్నానని చెబుతుంటాను. రెండే. రెండూ నీళ్లు లేకుండా దిగాయి.