సగటున ఆలస్యం సున్నా

జర్నలిజం డిగ్రీ చేతికొచ్చిన వేసవిలో విజయవాడ దినపత్రిక ఒకదానిలో చిన్న ప్రకటన పడింది. లెక్కలూ అంకెలూ చూసి వార్తలు రాయగల పట్టభద్రుడు ఒకరు కావాలి, ఆరునెలలు శిక్షణ, కోర్సులో చేసిన ప్రాజెక్టుల వివరాలతో కవరింగ్ లెటర్ పంపాలి అని. ఖాళీ ఒక్కటే. ప్రకటన చదివి పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాను. మా ఇంటికి ఆ రోజు సాయంత్రం నా క్లాస్‌మేటు వచ్చాడు. వాడిది వత్సవాయి, నాది నందిగామ. పేపరు అడిగితే, అమ్మ పొయ్యిలో వేసిందని చెప్పాను.

చెప్పడానికి కారణముంది. నా దగ్గర చూపించదగ్గ ప్రాజెక్టు ఒక్కటే, అది మా ఇద్దరిదీ. ఆర్టీసీ బస్సులు బోర్డు మీద రాసిన టైముకి నడుస్తున్నాయా లేదా అన్నది తేల్చాం. జగ్గయ్యపేట బస్టాండులో వాడు, నందిగామ బస్టాండులో నేను నిలబడి, వచ్చిన ప్రతి బస్సుకీ బోర్డు టైము, అసలు టైము పక్కపక్కన రాశాం. తరవాత ఆ రెండు కాగితాల కట్టలూ నేను కలిపి సగటు తీశాను. నిలబడ్డం ఇద్దరిదీ, లెక్క నాది.

నందిగామలో మెయిన్ రోడ్డు మీద టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అప్లికేషన్లన్నీ మాస్టారే కొట్టేవారు. ఆయన దగ్గర ఒక అచ్చు ఉంది. ఏ ఉద్యోగానికైనా మొదటి వాక్యం ఒకటే: సాధారణ కుటుంబంలో పుట్టిన నేను తమరి పాదాలకు మొక్కి విన్నవించుకొనునది. దాన్ని ఇంగ్లీషులో కొడితే ఇంకా భయంగా ఉండేది. అది తీసేయించడానికే నాకు అరగంట పట్టింది.

"తీసేస్తే వినయం పోద్దయ్యా" అన్నారాయన.

"మొక్కితే అంకెలు రావని అనుకుంటారండి."

మాస్టారు నవ్వకుండా కొత్త కాగితం ఎక్కించారు. ప్రాజెక్టు దగ్గరికొచ్చాం. జగ్గయ్యపేట, నందిగామ బస్టాండుల్లో బస్సుల రాకపోకల మీద సర్వే చేశామని చెప్పాను. ఆయన 'వుయ్' కొట్టి ఆగారు.

"వుయ్ అంటే ఎవరెవరు?"

"నేను, ఇంకొకడు."

"ఇంకొకడి సంగతి మనకెందుకు? వుయ్ అంటే, రెండోవాడు ఎవడు, వాణ్ణి కూడా పిలవండి అంటారు. ఖాళీ ఒకటేనన్నావుగా. ఐ కొట్టమంటావా?"

ఆయన అడిగింది నన్ను కాబట్టి తప్పు ఆయనది కాదు. నేను కొట్టమన్నాను. అంతటితో ఊరుకోలేదు. 'ఐ అలోన్' అని చేర్చమన్నాను, సర్వే, లెక్క, నివేదిక అన్నీ నేనొక్కణ్ణే చేశానని అర్థం వచ్చేలా. ఆయన ముచ్చటపడి, అలోన్ కింద గీత కూడా కొట్టారు. కార్బన్ కాపీ ఆయన దగ్గరే ఉంచుకునేవారు, మళ్ళీ అలాంటి అప్లికేషన్ వస్తే పనికొస్తుందని.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన రోజు, తెల్లారే బస్సెక్కి సీటు వెతుక్కుంటున్నాను. కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కాలో మా వాడు ఉన్నాడు. ఒళ్ళో గోధుమరంగు కవరు.

"ఎక్కడికిరా?" అన్నాను.

"నువ్వు ఎక్కడికో నేనూ అక్కడికే" అన్నాడు వాడు, జరిగి చోటిస్తూ.

కంచికచర్ల దాకా ఇద్దరం వర్షాల గురించి మాట్లాడుకున్నాం. వర్షాలు ఇంకా మొదలుకాలేదు.

పత్రిక ఆఫీసులో ఒక పెద్దాయన, కళ్ళజోడు నుదుటికెక్కించి, మా ఇద్దర్నీ కలిపే లోపలికి పిలిచారు. గణాంకాల వార్తలన్నీ ఆయన చేతిమీదుగానే పోతాయట. బల్ల మీద రెండు లెటర్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. నేను కూర్చున్న చోటినుంచే కనిపించింది, రెండింటిలోనూ ఒకేచోట గీత.

"నలభయ్యేళ్ళ నుంచి అప్లికేషన్లు చదువుతున్నా" అన్నారాయన. "ఒకే పని ఇద్దరు ఒంటరిగా చేసినట్టు చూడడం ఇదే మొదలు. కామాలు కూడా కలిసినయ్."

మా వాడు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"సరే, అది పక్కన పెడదాం" అని ఆయన లెటరుకి జతచేసిన మా నివేదిక తిరగేశారు. "సగటున బస్సుల ఆలస్యం సున్నా అని తేల్చారు. నేను ఆ రూట్లో తిరిగినవాణ్ణే. నాకు ఒక్కసారీ సున్నా దొరకలేదు. ఎట్టా వచ్చింది?"

నాకు అప్పటిదాకా ఆ అనుమానమే రాలేదు. కాలేజీలో ప్రాజెక్టు దిద్దిన మా లెక్చరర్ కూడా, ఆర్టీసీని మెచ్చుకోవాలని పక్కన రాసి మంచి మార్కులే వేశారు.

"ఆలస్యంగా వచ్చిన బస్సుకి ప్లస్, ముందుగా వచ్చేసిన దానికి మైనస్ వేశారు. అవునా?" అన్నారు పెద్దాయన. "రెండూ కలిపితే ఒకదాన్ని ఒకటి తినేసింది. పది నిమిషాలు ముందే వెళ్ళిపోయిన బస్సు, పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బస్సు. మీ లెక్కలో రెండూ టైముకే వచ్చినట్టు. బస్సు తప్పిపోయిన మనిషిని అడిగారా? ఈ లెక్క ఎవరిది?"

ఇప్పుడు తలుచుకుంటే నా మాట ఎంత తొందరగా వచ్చిందో అదే ఆశ్చర్యం.

"సగటు వీడు తీసాడండి. నేను నందిగామలో నిలబడ్డానంతే" అన్నాను.

మా వాడు క్యాలెండరు మీంచి చూపు తిప్పలేదు. "అవునండి, నేనే" అన్నాడు. "జగ్గయ్యపేటలో నేను చూసినవి చాలా వరకు ముందే లాగించేసినయండి, స్టాండులో జనం ఎక్కువైతే ఎక్కించుకోకుండా. నందిగామ కట్టలోవేమో ఆలస్యాలు. విడివిడిగా రాయాల్సింది. ముందు వెళ్ళినవి ఎన్ని, ఆలస్యంగా వచ్చినవి ఎన్ని, ఒక్కోటీ ఎంత అని. ముందు వెళ్ళిన బస్సే అన్యాయమండి. ఆలస్యమైతే నిలబడితే చాలు, ముందు వెళ్ళిపోతే ఆ రోజు పని పోద్ది."

పెద్దాయన కళ్ళజోడు కిందికి దించారు. "రేపటి నుంచే వస్తావా?" అన్నారు వాడితో. నా వైపు తిరిగి, "నువ్వేమో నిలబడ్డానంతే అన్నావు. నిలబడే ఉద్యోగం మా దగ్గర లేదు" అన్నారు.

నేను చేసిన పనిని నా నోటితోనే కాదన్నాను. తీరా అది తప్పని తేలినా, ఆ తప్పు కూడా నాకు దక్కలేదు.

తిరుగు బస్సు కంచికచర్ల దాటింది. చివరికి నేనే అడిగాను.

"నా మీదకెందుకు తొయ్యలేదురా?"

"ఎట్టా తోస్తా? లెటర్లో నేనొక్కణ్ణే చేసానని నేనూ సంతకం పెట్టా కదా."

"అంత పొగరు లెటరు నీకెట్టా వచ్చింది?"

"ప్రకటన మా ఊళ్ళో చూసి లెటరు కొట్టించుకోడానికి పోతే, టైపు మాస్టారు నీ కార్బన్ కాపీ చూపించి, ఇట్టా కొట్టమంటావా అన్నాడు. చదివా. ఒంటరిగా చేసావంట. పేరొక్కటి మార్చి కొట్టమన్నా" అన్నాడు వాడు. "గీతకి కూడా డబ్బులు తీసుకున్నాడు."

వాడు నవ్వాడు. నేను నవ్వడానికి ప్రయత్నించి, కిటికీలోంచి బయటికి చూశాను. ఇదే రూట్లో ఒకే టిఫిను పంచుకుని తిరిగినవాళ్ళం మేం. ఆ కార్బన్ కాపీ చదువుతున్నప్పుడు వాడి మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తట్టింది నాకు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గానీ, నందిగామ స్టాపు రాగానే దిగిపోయాను.

నెల తరవాత ఆ పెద్దాయనకు నా చేత్తోనే తెలుగులో ఉత్తరం రాశాను. సగటు తీసింది నేనని, ఆ రోజు అబద్ధమాడానని, ఉద్యోగం అడగడం లేదని. పోస్టు చేశాక నాలుగు రోజులు అన్నం సహించలేదు, వాడి ఉద్యోగానికే ఎసరు పెట్టానేమోనని.

జవాబు కార్డు మీద వచ్చింది. దస్తూరీ మా వాడిది. ఉత్తరాలు విప్పే పని కూడా వాడికే అప్పజెప్పారట.

"మీ లేఖ అందినది. పెద్దాయనకు చదివి వినిపించితిని. ఆయనకు ఆ రోజే తెలుసునట. ప్రస్తుతం ఖాళీలు లేవు" అని ఆఫీసు భాషలో రాసి, కింద వేరే ఇంకుతో ఉంది: "ఆదివారం వస్తన్నా. పేపరు మళ్ళీ మీ అమ్మ పొయ్యిలో వేస్తుందేమో, నా కాపీ తెస్తా. మొదటి పేజీలో నా వార్త ఉంది, నువ్వే తప్పులు పట్టాలి."