రేవమ్మ అతికిన అద్దం

నారాయణఖేడ్ అంగడి వెనక సందులో శివలింగప్ప సావుకారికి ఒక పాత మేడ ఉండేది. వాటాలు వాటాలుగా కిరాయికిచ్చాడు. తాత కట్టించిన పుణ్యం అనేవాడు. ఆ పుణ్యానికి నెలనెలా కిరాయి వసూలు చేసేవాడు.

పైన మూల వాటాలో రేవమ్మ ఉండేది. మొగుడు పోయాక బండ్లవాళ్లకు జొన్నరొట్టెలు అమ్ముకుని బతికింది. ఎవరి మాటా పడదు. దేవుడి పేరు చెబితే మాత్రం లొంగిపోతుంది. సావుకారికి ఆ సంగతి బాగా తెలుసు.

వానలకు పిట్టగోడ విరిగి సందులో పడింది. తహసీలు కచేరీ ఓవర్సీరు దేవానందాన్ని తనిఖీకి పంపింది. అతను చెదపట్టిన దూలాలకూ కప్పు కారే చోట్లకూ ఫోటోలు తీయించి, ఏది ఎంత ప్రమాదమో, ఏ మరమ్మతు కావాలో రిపోర్టులో రాశాడు. రేవమ్మ గది మూలగోడ పగులు పాతదో, ఇంకా పెరుగుతోందో మాత్రం తేల్చలేకపోయాడు. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి, రెండు కొసలా గచ్చుతో అతికి, తడి గచ్చు మీద తారీఖు గీసి ఫోటో తీయించాడు.

"గోడ కదుల్తుంటె గీ అద్దం పలుగుతది అవ్వా. వానలు పోయినంక మళ్ల వస్త. ముట్టొద్దు."

వానలు పోకముందే అద్దం పగిలింది. రేవమ్మ సావుకారితో చెప్పింది.

"పలిగిన అద్దం ఇంట్ల పెట్టుకుంటరానే? లచ్చిమి నిలుస్తదా?" అని ఆయనే కొత్త పలక తెచ్చిచ్చాడు. లక్ష్మి పేరు చెప్పి గోడ నోరు మూయించాడన్నమాట! రేవమ్మ భక్తిగా పాతది తీసి కొత్తది అతికింది. పైన విభూతి కూడా పెట్టింది.

వానలు వెలిశాక దేవానందం మళ్లీ వచ్చాడు, వెంట సావుకారి. "అద్దం మంచిగనే ఉంది. పాత పగులే. స్వల్పమని రాస్త, సున్నంతోని పూడిస్తె చాలు."

మంచినీళ్లిస్తున్న రేవమ్మ నవ్వింది. "ఎందుకుండదు సారూ? పలిగింది తీసి కొత్తది పెడితి గద!"

"ముసల్దానికి మతి తప్పింది" అన్నాడు సావుకారి.

"మతి తప్పితె నెలనెల కిరాయెట్ల ఇస్తున్న? అద్దం తెచ్చింది నువ్వే గదా!"

దేవానందం పాత ఫోటో తీసి గోడ పక్కన పెట్టి చూశాడు. ఫోటోలో గచ్చు మీద తారీఖు ఉంది. గోడ మీద లేదు. 'స్వల్పం' కొట్టేసి 'అపాయకరం' అని రాశాడు: గది వెంటనే ఖాళీ చేయాలి, ఆసరా దుంగలు పెట్టాలి, పునాదిలోకి దిగుతున్న మురుగునీళ్లు మళ్లించాలి, మూలగోడ పునాది నుంచి కట్టాలి.

"నోరు జారినవు. ఇగ బజార్ల పండుకో" అన్నాడు సావుకారి.

రేవమ్మ పెనం చంకన పెట్టుకుంది. "గోడ లేసినంక గీ వాటా నాదే. సారూ, గా మాట గూడ రాయి."

రిపోర్టులో అలాంటివి రాయరు. దేవానందం రాశాడు.

సావుకారి దుంగలు పెట్టించలేదు. మూలన కొబ్బరికాయ కొట్టించాడు. వారం తిరక్కుండానే గోడ ఖాళీ గదిలోకి కూలింది.

"దేవుడే కాపాడిండు" అన్నాడు, చేతులు జోడించి.

కింద అరుగు మీద రేవమ్మ రొట్టె తిప్పింది. "దేవుడు గాదు, నా నోరు. ఇగ గోడ కట్టియ్యి."