గంట దాకా ఏమీ పెట్టకూడదు

మా ఆయనకు షుగర్ ఉందని తేలిన రోజు ఆయన కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. ఏడుపు ఆగాక నడుం బిగించాను. బిగించడం నాకు బాగా వచ్చు, ఎక్కడ ఆపాలో తెలియదు.

గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పక్కనున్న పార్కులో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళ దగ్గర విన్నాను, కాకరకాయ రసం సంగతి. పరగడుపున తాగాలి, తాగాక గంట దాకా ఏమీ పెట్టకూడదు, పెడితే గుణం పోతుందట. ఎవరికి గుణం కనిపించిందని అడగలేదు. మా డాక్టరు గారినీ అడగలేదు. ఆయన రాసిన మాత్ర టిఫిన్‌కు సరిగ్గా ముందు వేసుకోమన్నారు. నేను మాత్ర వేయించి, వెంటనే గ్లాసు చేతికిచ్చి, టిఫిన్ బాక్సులో కట్టేసేదాన్ని. ఆయన షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ చేరి, ఆఫీసులో తినేవారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వంటింటి గుమ్మంలో పోలీసులా నిలబడేదాన్ని.

"చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటారు. నువ్వు డిగ్రీ చదివి మళ్ళీ కాకరకాయకే వచ్చావు" అని నవ్వేవారు, ముఖం చిట్లించుకుంటూనే.

కొన్నాళ్ళకు కడుపులో మెలిపెడుతోందన్నారు. ఒకసారి ఆటోలో చేతులు వణికాయనీ, ఒళ్ళంతా చెమట పట్టిందనీ చెప్పారు. "మందు పనిచేస్తుంటే అలాగే ఉంటుందండీ, ఓర్చుకోవాలి" అన్నాను. ఓర్చుకోవలసింది నేను కాదు కదా, ఎంత తేలికో ఆ మాట.

ఇంట్లో షుగర్ మీటర్‌లో అంకె తగ్గడం చూసి మురిసిపోయాను. ఫొటో తీసి మా వాళ్ళ గ్రూపులో పెట్టాను. కాకినాడలో మా అక్క వెంటనే ఎలా చేయాలో అడిగింది. బావగారికీ షుగరే, ఆయనా అలాంటి మాత్రే వేసుకుంటారు. గింజలు తీయాలా వద్దా అన్నదాకా వాయిస్ మెసేజ్‌లో వివరంగా చెప్పాను.

ఒక పొద్దున ఆయన ఫోన్ నుంచి వేరే గొంతు వినిపించింది.

"అమ్మా, నేను ఆటో ఆయన్ని. సార్ జర పరేషాన్‌గ ఉన్నడు. చెమటలు కారుతున్నయి, యాడ దిగాల్నో చెప్తలేడు. దవాఖానకు తీస్కపోతున్న, మీరు జల్ది రండి."

నేను వెళ్ళేసరికి చేతికి గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు. తెచ్చినప్పుడు షుగర్ యాభై కూడా లేదట. ఆయన నన్ను గుర్తుపట్టి చిన్నగా నవ్వారు. ఒడిలో విప్పని టిఫిన్ బాక్సు ఉంది.

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాక అక్కడి డాక్టరమ్మ అడిగారు. "లివర్ ఎంజైములు కొంచెం ఎక్కువున్నాయి. మాత్ర కాక ఇంకేమైనా తీసుకుంటున్నారా? ఆయుర్వేదం, పసర్లు, రసాలు?"

"ఏమీ లేవండి" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఆయన నన్ను కాపాడుతున్నారు. నేను ఊరుకుంటే అది అక్కడితో ముగిసిపోయేది, ఊరుకోవాలనీ అనిపించింది. సిగ్గుతో చచ్చిపోతూ అంతా చెప్పేశాను, మాత్ర, గ్లాసు, గంటసేపు ఆకలి.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ మాత్ర శరీరం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుందమ్మా. వేసుకున్నాక తినకపోతే షుగర్ పడిపోతుంది. రసం కూడా తగ్గిస్తుంది కాబట్టి ఇంకా కిందికి పోయింది. కడుపునొప్పి కూడా దానివల్లే కావచ్చు. లివర్ సంగతి దానివల్లేనని ఇప్పుడే చెప్పలేను. రసం ఆపేయండి, మళ్ళీ పరీక్ష చేద్దాం. కూరగా వండుకుంటే ఫర్వాలేదు." ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుందనీ, షుగర్ మళ్ళీ పడవచ్చనీ రాత్రికి అక్కడే ఉంచారు.

మర్నాడు ఇంటికి వస్తూ కారులో అడిగాను, ఎందుకు దాచారని.

"చెబితే నిన్నంటారని" అన్నారు. "వణుకు వస్తోందని నీకు చెప్పాను కదా, ఇంకెవరికి చెప్పను?"

కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాను.

ఆ మరుసటి పొద్దున, ఆయన ముందు ఇడ్లీలు పెట్టి మాత్ర అందిస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపులో అక్క పంపిన ఫొటో. ఖాళీ గ్లాసు, అడుగున పచ్చటి నురగ. కింద, "మీ బావగారు కూడా తాగేశారోచ్."

ఆసుపత్రి సంగతి అక్కకు చెప్పలేదు. మనసు కుదుటపడ్డాక చెబుదామనుకున్నాను, నా మనసు. గబగబా ఫోన్ చేశాను.

"అక్కా, బావగారు మాత్ర వేసుకున్నారా?"

"ఆఁ, ఎప్పుడో."

"ఏమైనా తిన్నారా?"

"ఇంకా లేదే. కాస్త నీరసంగా ఉందంటే పడుకోమన్నాను" అంది అక్క. "గంట దాకా ఏమీ పెట్టకూడదని నువ్వేగా చెప్పావు?"

"ముందు లేపు" అన్నాను. "లేపి పంచదార నీళ్ళు తాగించు. ఫోన్ పెట్టకు, నేను లైన్‌లోనే ఉంటాను."

అటువైపు చెంచా చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను.