తొడ కండ తెగిన ఏడాది, పీవీసీ పైపు ముక్క

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. గల్ఫ్‌లోని మబేలాలో ఆరేళ్లు నాతో ఒకే రూమ్‌లో ఉన్న తమ్ముడు ఈ మాట అందరికీ చెప్పేవాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. వాడిది నిర్మల్ వైపు, నాది జగిత్యాల. ఇద్దరిదీ ఒకే కంపెనీలో స్టీల్ కట్టే పని. నేను ఫోర్‌మన్‌ని, వాడు నా గ్యాంగు మనిషి. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే మైదానంలో పరుగెత్తేవాళ్లం. చలికాలంలో కంపెనీల మధ్య ఆటల పోటీలు ఉంటాయి. నాలుగు వందల మీటర్ల రిలేలో వాడిది మూడో వంద, నాది ఆఖరి వంద. రిలేలో చేతులు మారే బ్యాటన్ కొనడం దండగని సైట్‌లో మిగిలిన పీవీసీ పైపును జానెడుకు కాస్త ఎక్కువగా కోసి వాడేవాళ్లం. ఆరేళ్లూ ఆ ముక్క వాడి చేతిలోంచే నా చేతిలోకి వచ్చింది.

ఆ ఏడాది వాడి కాంట్రాక్టు అయిపోతోంది, ఇక తిరిగి రాడు. పోటీకి అయిదు వారాలుంది.

"ఆఖరిసారి అన్నా. గట్టిగ కొడదాం" అన్నాడు.

"కొట్టకుంటె నా పేరు మార్చుకుంట" అన్నాను. నోరు ఊరుకోదుగా!

ఆ శుక్రవారం ఆలస్యంగా లేచాం. ఎండ ఎక్కకముందే ముగించాలని వార్మప్ సగంలోనే ఆపేశాను. అరవై మీటర్లు ఫుల్ స్పీడ్, నడిచి వెనక్కి, మళ్లీ ఫుల్ స్పీడ్. ఇలా ఆరుసార్లు చేయాలి. అయిదోసారి కుడి తొడ వెనక ఎవరో పట్టి గిల్లినట్టయింది. ఒంటికాలి మీద రెండు గెంతులు వేసి కూలబడ్డాను.

తమ్ముడు సంచిలోంచి బామ్ తీసి పరిగెత్తుకొచ్చాడు. "గట్టిగ రుద్దుత అన్నా, రూమ్‌కి పోయినంక వేడినీళ్ల కాపడం పెడత. రేపటికల్ల పోతది."

"రుద్దకండి బాబూ! ఆగండి!" అని ఒక గొంతు. మైదానం చుట్టూ నడుస్తున్న ఒకావిడ దగ్గరికొచ్చింది. కాకినాడ మనిషి, అల్ మవాలేలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. ఆ రోజు నుంచి మాకు మేడమ్.

"లోపల కండ పోగులు తెగి ఉంటాయండీ. ఇప్పుడు రుద్దితే, వేడి పెడితే రక్తం ఇంకా చేరి వాపు పెరుగుతుంది. టప్‌మని ఏమైనా వినిపించిందా?"

"లే."

"నాలుగడుగులు నడవండి."

కుంటుతూ నడిచాను. ఆవిడ తల ఊపింది. "రెండు మూడు రోజులు కట్టు కట్టుకుని, పడుకున్నప్పుడు కాలు దిండు మీద పెట్టుకోండి. నొప్పిగా ఉంటే ఐస్‌ని గుడ్డలో చుట్టి ఓ పది నిమిషాలు పెట్టండి. లాగి సాగదీయొద్దు. నొప్పి లేనంత మేరకు మెల్లగా నడవండి. తొడంతా నల్లగా కమిలినా, కాలు మోపలేకపోయినా స్కానింగ్ తీయించాలి."

నాలుగో రోజు డ్యూటీ అయ్యాక క్లినిక్‌కి వెళ్లాను. బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని, నన్ను మోకాలు మడవమని ఆవిడ ఎదురు నొక్కింది. రెండు కాళ్ల బలం పోల్చి చూసింది. ఎక్కడ నొప్పో వేలితో వెతికింది.

"పెద్దది కాదు. బుద్ధిగా ఉంటే నాలుగు వారాలు పట్టొచ్చు. కానీ క్యాలెండర్ చూసి పరుగెత్తడం కాదు, కాలు ఒప్పుకుంటేనే. ముందు మడమ నేలకి నొక్కడం, తర్వాత వెల్లకిలా పడుకుని నడుము లేపడం. మామూలు నడకలో నొప్పి పోయాక మెల్లగా జాగింగ్. ఆ తర్వాతే సగం స్పీడ్. నొప్పి నాకు కనబడదండీ, మీరే చెప్పాలి."

అక్కడే వచ్చింది చిక్కు. మా క్యాంపులో నొప్పి అని ఎవడూ నోరు తెరవడు. నడుము పట్టినా, భుజం లాగినా ఊరి నుంచి తెచ్చుకున్న మాత్ర ఒకటి మింగి డ్యూటీ ఎక్కడమే. ప్రతివాడి దిండు కింద ఒక మాత్రల షీట్ ఉంటుంది. నొప్పి తెలియకపోతే తగ్గినట్టే అని మా లెక్క.

రెండో శుక్రవారానికి జాగింగ్ చేస్తున్నాను. మనసాగలేదు. పొద్దున తమ్ముడి షీట్‌లోంచి రెండు మాత్రలు మింగి మైదానానికి వెళ్లాను.

"నొప్పి?" అంది మేడమ్.

"అస్సల్లేదు."

"మాత్ర ఏమైనా వేశారా?"

"లే మేడమ్." కళ్లు కూడా ఆర్పకుండా చెప్పాను.

సగం స్పీడే, అంతకు మించి వద్దని చెప్పి ఆవిడ తన నడకకు వెళ్లింది. ఆవిడ అటు తిరగ్గానే నేను ఒక్కటి ఫుల్‌గా కొట్టాను. నలభై మీటర్లు దాటలేదు. ఈసారి నిజంగానే కింద పడ్డాను. రెండు రోజులకు మోకాలి వెనక దాకా నల్లగా కమిలింది. స్కానింగ్‌లో కండ కొంత మేర చిరిగిందని తేలింది.

"నా షీట్‌ల రెండు తక్కువున్నయ్. నువ్వే మింగినవ్ గదా?" అని తమ్ముడు నా మీద అరిచాడు. ఆరేళ్లలో వాడు నా మీద అరవడం అదే మొదలు. మేడమ్‌కి చెప్పింది కూడా వాడే. సిగ్గుతో చచ్చాను.

ఆవిడ మాత్రం తిట్టలేదు. "మళ్లీ మొదట్నుంచీ. ఆరు నుంచి ఎనిమిది వారాలు. మాత్ర వేసిన రోజు పరుగు లేదు" అంది.

పోటీకి మూడు వారాలే ఉంది. అయినా ఆశ చావలేదు. పోటీకి మూడు రోజుల ముందు మేడమ్ పరీక్ష పెట్టింది. ముప్పావు స్పీడ్‌లో అరవై మీటర్లు. వచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"లాగిందా?"

లేదంటే సరిపోయేది. పక్కన తమ్ముడు పైపు ముక్క పట్టుకుని నా మొహమే చూస్తున్నాడు. పోటీలో వాడి చేతిలోంచి అది అందుకునే ఆఖరి అవకాశం ఇదే.

"లాగింది మేడమ్" అన్నాను.

నా బదులు వేరేవాడు పరుగెత్తాడు. మావాళ్లు మూడో స్థానంలో వచ్చారు. గొంతు పోయేదాకా అరిచాను. కానీ తమ్ముడు ఆ పైపు ఇంకొకడి చేతిలో పెట్టినప్పుడు కుళ్లుకున్నాను. దాచడమెందుకు?

ఆ తర్వాత నా మొండితనమంతా కాలు మీద పెట్టాను. రోజు విడిచి రోజు రూమ్‌లో పరుపు మీద మోకాళ్లపై నిలబడేవాణ్ణి. తమ్ముడు మడమలు గట్టిగా పట్టుకునేవాడు. నేను మెల్లగా ముందుకు వాలేవాణ్ణి. "పడకు, పడకు, ఆపుకో!" అని వాడి అరుపులు. తొడ వెనక కండకు ఇంతకంటే మంచి కసరత్తు లేదని మేడమ్ అనేది. స్పీడ్ వారానికి కొంచెం చొప్పున పెంచాం. వేగంగా పరుగెత్తిన మర్నాడు విశ్రాంతి. మర్నాడు కూడా నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు. ఎనిమిదో వారానికి రెండు కాళ్ల బలం ఒక్కటైంది. నొక్కినా నొప్పి లేదు. ముఖ్యంగా, భయం పోయింది. ఫుల్ స్పీడ్ రెండుసార్లు కొట్టి చూశాను, ఏమీ కాలేదు.

శనివారం తమ్ముడి ఫ్లైట్. శుక్రవారం పొద్దున వాడే నన్ను లేపాడు. మైదానంలో వార్మప్ పూర్తిగా, ఒక్కటి వదలకుండా చేశాం. మేడమ్ కూడా వచ్చింది.

"మాత్ర?" అంది.

"లే మేడమ్. ఈసారి నిజంగ లే."

తమ్ముడు సంచిలోంచి పీవీసీ ముక్క తీశాడు. "ఆ దినం నీకియ్యలే అన్నా. ఇయ్యాల ఇస్త."

వాడు వంద మీటర్ల అవతలికి పోయి నిలబడ్డాడు. మేడమ్ చేయి దించింది. వాడి అడుగుల చప్పుడు దగ్గరయ్యాక నేనూ కదిలాను. "తీస్కో!" అని కేక. చేయి వెనక్కి చాచాను, పైపు అరచేతిలో పడింది. ఇక చూడకుండా కొట్టాను. వంద మీటర్లూ కాలు నాదే అనిపించింది.

తిరిగి నడిచి వచ్చేసరికి వాడు నేల మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకూ ఆగలేదు. పైపు వాడి చేతిలో పెట్టబోయాను, ఇంటికి తీసుకుపోతాడని.

"నీ దగ్గర్నే ఉంచు" అని వెనక్కి నెట్టాడు. "మళ్ల మాత్ర మింగబుద్ధైతే దీన్ని జూడు."

ఇప్పుడు నా దిండు కింద మాత్రల షీట్ లేదు. అక్కడ ఆ పైపు ముక్క ఉంది.