టక్ టక్ సెక్రటరీ

మా సహకార సొసైటీ సెక్రటరీ చేతిలో పెన్ను క్యాప్ ఊరికే ఉండేది కాదు. తీసేవాడు, పెట్టేవాడు. టక్, టక్. పక్కనే గుమాస్తానైన నాకు తల తిరిగేది.

ఉదయగిరిలో మా ఎరువుల గోడౌనుకూ పక్క చేను అవ్వకూ ఆరడుగుల నేల తగువు. సర్వే పటంలో రెండూ ఒకే నంబరు, మధ్య గీత లేదు.

"మా నాయన బండి తిప్పుకోను ఇచ్చినాడు, రాసియ్యలా" అనేది అవ్వ.

"కాయితం ఉండాదా?" అని రెండేళ్లు ఆమెను తిప్పింది ఈ సెక్రటరీయే.

ఆత్మకూరు నుంచి సర్వేయరు వచ్చేరోజు పొద్దున, ఆఫీసు ట్రంకుపెట్టెలో పాత మినిట్స్ పుస్తకం దొరికింది. చేతిరాత తీర్మానం. బావి గట్టు నుంచి ఎనభై అడుగులు సొసైటీది. ఆపైన ఆరడుగులు బండి తిప్పుకోవడానికే, అడిగితే వదిలేయాలి. కింద డైరెక్టర్ల సంతకాలు, అవ్వ నాయన వేలిముద్ర.

"సార్, మళ్లీ పెట్లో పెట్టేద్దామా?" అన్నాను. ఆయన గదిలో అటూ ఇటూ తిరిగాడు. టక్, టక్.

సర్వేయరు టేపు పట్టగానే సెక్రటరీ ఆ పేజీ గట్టిగా చదివాడు. ఎనభై అడుగులు మా గోడౌను మెట్ల ముందే అయిపోయాయి. మెట్లు అవ్వ నేలలో ఉన్నాయి.

"నిన్ను అడిగిన కాయితం మా పెట్లోనే ఉండాదవ్వా" అన్నాడు.

అవ్వ ఆ ముద్ర మీద తన వేలు ఆనించింది. "మా నాయనది ఎంత పెద్ద వేలో!"

ఆ సాయంత్రం దాకా టక్, టక్ వినబడలేదు. పెట్లో పెట్టేద్దామన్న నాకే కాలు నిలవలేదు.